కీ సరిగ్గానే ఉంది, బిట్ తప్పు

గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లతో విశాఖలో ద్వారకానగర్ వీధులు ఏడాది పొడుగునా నిండుగా ఉంటాయి. వాళ్లకు కావలసింది బిట్లు. ఇదివరకు చరిత్ర మాస్టారు నాలుగు పుస్తకాలు ముందేసుకుని రాత్రంతా కూర్చుంటే యాభై బిట్లు తయారయ్యేవి. ఇప్పుడు ఏఐకి ఒక అధ్యాయం ఇచ్చి వంద అడిగితే టీ తాగేలోపు వచ్చేస్తున్నాయి. వచ్చినవాటిని సరిచూసే తీరు మాత్రం చాలాచోట్ల ఒకటే. ప్రశ్న చదువుతారు, కీ చూస్తారు, ‘ఆ, కరెక్టే’ అని టిక్కు పెట్టి తర్వాతి బిట్‌కు వెళ్తారు.

నేను చెప్పదలచింది ఇదే. ఇలా చూస్తే సరిచూసినట్టు కాదు. యంత్రం రాసిన చరిత్ర బిట్‌లో కీ తప్పు కావడం తక్కువ. తప్పు ఎవరూ చూడని చోట ఉంటుంది. ప్రశ్న వాక్యంలో విశేషణంగా వచ్చిన మాటలో, కీ కాని మూడు ఆప్షన్లలో, కింద రాసిన వివరణలో ఉంటుంది. అందుకు కారణం ఉంది. అందరికీ తెలిసిన విషయం గురించి యంత్రం చదివిన రాతలు వేలల్లో ఉంటాయి కాబట్టి ముఖ్యమైన జవాబు సాధారణంగా సరిగ్గానే వస్తుంది. ఆ విషయం చుట్టూ ఉండే చిన్న వివరాలు, అంటే సైన్యం ఎంత, ఎవరు తోడున్నారు, తర్వాత ఏమైంది అన్నవి చాలా తక్కువ చోట్ల రాసి ఉంటాయి. అక్కడ యంత్రం ఆగిపోదు. అలాంటి వాక్యాల్లో మామూలుగా ఏ మాట వస్తుందో ఆ మాటతో పూరిస్తుంది. పూరించిన చోటుకూ తెలిసి రాసిన చోటుకూ భాషలో ఏ తేడా ఉండదు. ఒకే ధీమాతో రాస్తుంది.

యంత్రం చేసే పొరపాట్లు ఒక్కచోట కనబడేలా కూర్చిన నమూనా బిట్ ఒకటి తీసుకుందాం. మన జిల్లా చరిత్రే.

“1794 జూలై 10న విశాఖపట్నం జిల్లాలోని పద్మనాభం వద్ద బ్రిటిష్ ప్రభుత్వ సైన్యంతో జరిగిన యుద్ధంలో 12,000 మంది సైనికులతో పోరాడి మరణించిన విజయనగర సామ్రాజ్య పాలకుడు ఎవరు? ఎ) పెద విజయరామరాజు బి) చిన విజయరామరాజు సి) ఆనంద గజపతిరాజు డి) విజయరామ గజపతిరాజు. జవాబు: బి. వివరణ: పేష్కష్ బకాయిల తగాదాలో ఈ యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ రాజు పక్షాన నిలిచాడు. 1795లో కుదిరిన పద్మనాభం సంధితో సంస్థానం వారసుడికి దక్కింది.”

కీ సరైనదే. పద్మనాభం దగ్గర ఆ రోజు కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన సైన్యం మీద పోరాడి చనిపోయింది చిన విజయరామరాజే. తేదీ కూడా సరైనదే. టిక్కు పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఇక్కడే వెళ్లిపోతారు.

ఇప్పుడు బిట్‌ను విడదీయండి. ఒక్కొక్క మాటను సొంత కాళ్ల మీద నిలబడే వాక్యంగా, ఒక్కో వరసలో రాయాలి. ప్రశ్న వాక్యంలో ఏడు దొరుకుతాయి: తేదీ, పద్మనాభం అనే చోటు, అది విశాఖపట్నం జిల్లాలోదని, ఎదుటిది బ్రిటిష్ ప్రభుత్వ సైన్యమని, సైనికులు 12,000 మందని, రాజు అక్కడే చనిపోయాడని, ఆయన విజయనగర సామ్రాజ్య పాలకుడని. ఆప్షన్లు నాలుగు. వివరణలో మూడు. మొత్తం పద్నాలుగు మాటలు. కీ చూసేవాళ్లు సరిచూసింది ఈ పద్నాలుగింటిలో ఒకటి, మహా అయితే రెండు. ఈ పని కాగితం మీదే చెయ్యాలి. మనసులో చేస్తే కన్ను విశేషణాల మీంచి జారిపోతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది కాబట్టి ‘ఎవరు?’ అన్న చోటికి చేరేదాకా ముందున్నవన్నీ ఒప్పుకుంటూ చదవడం మనకు అలవాటు.

అన్నిటికంటే పెద్ద తప్పు చివర ఉంది: విజయనగర సామ్రాజ్యం. ఇది తెలుగులో మరీ ప్రమాదకరమైన చోటు. హంపీ రాజధానిగా కృష్ణదేవరాయలు ఏలింది విజయనగరమే, మనకు పక్కనున్న పూసపాటివారి ఊరూ విజయనగరమే. ఇంగ్లీషులో ఈ రెండిటికీ వేర్వేరు స్పెల్లింగులున్నాయి, Vijayanagara ఒకటి, Vizianagaram ఒకటి. తెలుగులోకి వచ్చేసరికి ఆ గోడ కూలిపోతుంది. ఇంగ్లీషు పాఠం ఇచ్చి తెలుగు బిట్లు అడిగినప్పుడు ‘విజయనగరం’ పక్కన యంత్రానికి అలవాటైన మాట ‘సామ్రాజ్యం’. దాన్ని తెచ్చి తగిలిస్తుంది. హంపీ సామ్రాజ్యం 1565 యుద్ధంతో నడుం విరిగి, పదిహేడో శతాబ్దంలో కనుమరుగైపోయింది. మన విజయనగరం కోట మొదలైందే 1713లో. 1794లో ఉన్నది సంస్థానం. కంపెనీకి పేష్కష్ అనే కప్పం కట్టవలసిన జమీందారీ అది.

ఈ గందరగోళాన్ని ఇంకా పెంచే సంగతి ఒకటుంది. హంపీ రాయలవారు నిజంగానే ఈ ప్రాంతానికి వచ్చారు. గజపతుల మీద దండయాత్రలో వచ్చి 1516లో సింహాచలం గుడిలో శాసనం వేయించారు. పూసపాటివారు గజపతి బిరుదు పెట్టుకున్నారు. సింహాచలం దేవస్థానంతో వాళ్ల అనుబంధం ఇప్పటికీ ఉంది. అంటే ‘సింహాచలం, గజపతి, విజయనగరం’ అన్న మూడు మాటలు 1516 కథలోనూ వస్తాయి, 1794 కథలోనూ వస్తాయి. ఒకదాంట్లో గజపతి రాయలకు శత్రువు, ఇంకోదాంట్లో విజయనగరం రాజుకే బిరుదు. ఈ మూడు మాటల్లో రెండు కలిసి కనబడిన బిట్‌ను ప్రత్యేకంగా పక్కకు తీసి పెట్టుకోవడం మంచిది. నియమం సులువే. తెలుగు బిట్‌లో విజయనగరం అన్న మాట ఒంటరిగా కనబడితే దాని పక్కన సామ్రాజ్యం అనో సంస్థానం అనో ఉండాలి, ఉన్నది ప్రశ్నలోని సంవత్సరానికి సరిపోవాలి.

సంవత్సరానికి సరిపోవడం అన్నదాన్ని ఒక పద్ధతిగా చెయ్యొచ్చు. ప్రశ్నలోని ప్రతి సంస్థకూ, పదవికీ, ప్రాంతానికీ, మనిషికీ ఎదురుగా రెండు సంవత్సరాలు రాయండి, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని. సంఘటన జరిగిన సంవత్సరం ప్రతి జతలోనూ ఇమడాలి. ఒక్కదాంట్లో ఇమడకపోయినా కాలం తప్పినట్టే. మన బిట్‌కు ఇలా రాస్తే రెండు వెంటనే బయటపడతాయి. బ్రిటిష్ ప్రభుత్వం నేరుగా పాలన చేపట్టింది 1858లో. 1794లో ఎదురుగా నిలబడింది ఈస్టిండియా కంపెనీ సైన్యం. బుస్సీ 1785 జనవరిలో పాండిచ్చేరిలో చనిపోయాడు. చనిపోయి తొమ్మిదేళ్లయిన మనిషి పద్మనాభానికి రాలేడు.

విశాఖపట్నం జిల్లా అన్న మాట కూడా ఈ జల్లెడలో ఆగుతుంది, కానీ అది వేరే రకం. పద్మనాభం ఇప్పుడు విశాఖ జిల్లాలోనే ఉంది, అందులో తప్పు లేదు. 1794 నాటికి మాత్రం ఆ ప్రాంతానికి పేరు శ్రీకాకుళం సర్కారు. ‘ఇప్పటి’ అన్న ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. ఉత్తరాంధ్ర చరిత్రలో ఈ ‘ఇప్పటి’ చాలా పని చేస్తుంది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డాయి. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా జయపురం, కోరాపుట్ కొండలు కూడా విశాఖపట్నం జిల్లావే. ‘1922లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి’ అని యంత్రం రాస్తే కంటికి వెంటనే తగులుతుంది. ‘విజయనగరం జిల్లాలోని బొబ్బిలిలో 1757లో’ అంటే మాత్రం తగలదు. తప్పు రెండిట్లోనూ ఒకటే.

బుస్సీ ఎక్కడినుంచి వచ్చాడో తెలిస్తే ఇలాంటి తప్పులు ముందే ఊహించవచ్చు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. అందులో విజయనగరం పక్షాన వచ్చింది బుస్సీయే. ఆ రాజు పేరు కూడా విజయరామరాజే, పెద విజయరామరాజు. కోట పడిన కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు ఆయన్ని గుడారంలో చంపాడు. ఆ తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్‌తో కలిసి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. అప్పటికే బుస్సీని ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ దక్షిణానికి వెనక్కి పిలిపించాడు. చందుర్తిలో ఫ్రెంచి సైన్యాన్ని నడిపింది కాన్‌ఫ్లాన్స్. ఇద్దరు విజయరామరాజులు, ఇద్దరివీ హింసాత్మక మరణాలే, మధ్య ముప్పై ఏడేళ్లు. ఒక విజయరామరాజు పక్కన బుస్సీని చూసిన యంత్రం రెండో ఆయన పక్కనా బుస్సీని నిలబెడుతుంది. అందువల్ల ఒకే పేరున్న ఇద్దరు మనుషులు పాఠంలో ఉన్నారా అన్నది బిట్లు రాయించకముందే చూసుకోవాలి. ఉంటే ఆ పేరొచ్చిన ప్రతి బిట్‌నూ రెండో మనిషి కథతో పోల్చి చూడాలి, అక్కడి సరుకు ఇక్కడికి వచ్చిందేమోనని. 1757, 1758, 1794 బిట్లు అన్నిట్లోనూ ఇది జరగగలదు. ‘చందుర్తి యుద్ధంలో బుస్సీ ఓడిపోయాడు’ అన్న వాక్యం చదవడానికి ఎంత సహజంగా ఉందో చూడండి.

ఇక లేనిదాన్ని పుట్టించిన చోట్లు రెండు. ఒకటి 12,000. ఇంకోటి పద్మనాభం సంధి.

అంకె విషయంలో నా సలహా ఖచ్చితం. సరైన అంకె ఎంతో వెతుకుతూ కూర్చోవద్దు. ముందు అడగవలసింది, ఆ అంకె లేకపోతే ప్రశ్నకు ఏమైనా లోటా అని. లేదు. తీసేయండి. గుండ్రటి అంకెలు, వేలల్లో సైన్యాలు, లక్షల్లో పేష్కష్‌లు ప్రశ్నకు బరువు తెస్తాయని యంత్రం వాటిని చేరుస్తుంది. అవసరమైన అంకెకే ఆధారం వెతకాలి.

సంధి అలా కాదు. దాన్ని తీసేస్తే సరిపోతుంది గానీ, అది అబద్ధమని ఎలా తెలుస్తుందో తెలుసుకోవడం ముఖ్యం. భారతదేశ చరిత్రలో యుద్ధం వెనక సంధి రావడం మామూలు. శ్రీరంగపట్నం, సాల్బాయ్, బస్సీన్ ఇలాంటివే. ఆ అచ్చులో పద్మనాభాన్ని పోస్తే పద్మనాభం సంధి వస్తుంది. అచ్చు సరైనదే, పోసిన సరుకు లేదు. తర్కంతోనే పట్టుకోవచ్చు. రాజు యుద్ధభూమిలో చనిపోయాడు, సంధి ఎవరితో చేసుకుంటారు? జరిగింది వేరు. ఆయన కొడుకు నారాయణబాబుకు కంపెనీ సంస్థానాన్ని తిరిగి ఇచ్చింది. ఒక జమీందారుకు కంపెనీ ఎస్టేటు ఇవ్వడాన్ని సంధి అనరు. పేరు పెట్టి పిలిచిన ప్రతిదాన్నీ, అంటే సంధి, కమిషన్, చట్టం, ఉద్యమం, బిరుదు లాంటివాటిని, ఆ పేరుతోనే పాత పుస్తకాల్లో వెతకాలి. పేరు కనబడకపోతే అది బిట్‌లో ఉండకూడదు. కనబడకపోవడానికి స్పెల్లింగు కారణం కావచ్చు కాబట్టి వెతికే విధానం తెలిసి ఉండాలి.

మన జిల్లాకు పనికొచ్చే పాత పుస్తకాలు రెండు. కార్మైకేల్ 1869లో వేసిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో వేసిన గెజిటీర్. పాతవి కాబట్టి రెండూ స్కాన్ రూపంలో దొరుకుతాయి. వాటిలో ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే ఏమీ రాదు. విశాఖపట్నానికి `Vizagapatam`, విజయనగరానికి `Vizianagram`, శ్రీకాకుళానికి `Chicacole`, భీమిలికి `Bimlipatam`, చందుర్తికి `Condore` అని కొట్టాలి. స్కాన్‌లో అక్షరాలు చెదిరితే యంత్ర వెతుకులాటకు దొరకవు. అప్పుడు విషయసూచిక చూసి పేజీ తీయాల్సిందే. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఈ రెండు పుస్తకాలూ ఒకే మాట చెబితే రెండు ఆధారాలు దొరికాయని అనుకోకూడదు, ఎందుకంటే గెజిటీర్ చాలాచోట్ల మాన్యువల్‌నే అనుసరించింది. రెండూ కంపెనీ, ప్రభుత్వ కాగితాలు చూసిన అధికారులు రాసినవే. తేదీలకూ, పేర్లకూ, ఎవరు ఎప్పుడు ఏ పదవిలో ఉన్నారన్నదానికీ అవి గట్టి ఆధారాలు. రాజు ఎందుకు తిరగబడ్డాడన్నదానికి కావు. అలాంటి కారణాల మీద బిట్ పెట్టకపోవడమే మేలు.

నెట్‌లో దొరికే తెలుగు బిట్‌బ్యాంకులను మాత్రం ఆధారంగా ఒప్పుకోవద్దు. ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి అవి, వరుస కూడా మారదు. ఒక ఏఐ రాసినదాన్ని ఇంకో ఏఐ చేత సరిచూయించడం కూడా ఇలాంటిదే. రెండూ చదివింది దాదాపు అవే రాతలు కాబట్టి మొదటిది పడ్డ గోతిలోనే రెండోదీ పడే అవకాశం ఎక్కువ. బిట్‌ను ముక్కలుగా విడదీయించుకోవడానికి యంత్రాన్ని వాడుకోవచ్చు, తీర్పుకు కాదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ప్రశ్న, వివరణల సంగతి. నాకు ఎక్కువ దిగులు కలిగించేవి తప్పు ఆప్షన్లు. వాటిని సరిచూడాలన్న ఆలోచనే చాలామందికి రాదు. తప్పే కదా, తప్పుగా ఉంటే ఏం పోయింది అంటారు. మూడు పోతాయి.

మొదటిది, తప్పు అనుకున్నది ఒప్పు కావడం. మన బిట్‌లో డి చూడండి, విజయరామ గజపతిరాజు. చిన విజయరామరాజుకే అది ఇంకో పేరు. పుస్తకాన్ని బట్టి ఆయన రెండో విజయరామ గజపతిరాజు కూడా. అంటే బి, డి రెండూ ఒకే మనిషి. కష్టపడి చదివిన పిల్లవాడు ఇక్కడ డి పెట్టి మార్కు పోగొట్టుకుంటాడు. తప్పుకు మూడో వంతు కోసే పరీక్షల్లో ఇంకా పోతుంది. చదవనివాడు ఏదో ఒకటి పెట్టి బయటపడతాడు. సి కూడా నిలకడైనది కాదు. ఆనంద గజపతిరాజు అంటే చందుర్తి నాటి రాజు కావచ్చు, వందేళ్లు దాటాక గురజాడను ఆదరించిన రాజు కావచ్చు. ఇద్దరూ ఈ ప్రశ్నకు తప్పు జవాబులే, అయినా ఆప్షన్ ఎవరిని ఉద్దేశించిందో తెలియకపోతే పిల్లవాడు దాన్ని ఎందుకు కొట్టేస్తున్నాడో వాడికే తెలియదు.

యంత్రం తప్పు ఆప్షన్‌ను వెతికే తీరే దీనికి కారణం. సరైన జవాబుకు దగ్గరగా తిరిగే పేర్లను తెస్తుంది. దగ్గరగా తిరిగే పేర్లలో మారుపేర్లు, బిరుదులు, అదే సంగతికి ఇంకో తేదీ కూడా ఉంటాయి. విశాఖ పోర్టు సంగతే తీసుకోండి. ‘విశాఖపట్నం ఓడరేవు ఏ తేదీన ప్రారంభమైంది?’ అని అడిగి కీ 1933 డిసెంబరు 19 అనీ, తప్పు ఆప్షన్లలో 1933 అక్టోబరు 7 అనీ పెడితే బిట్ చచ్చిపోయినట్టే. అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రావడంతో రేవు పని మొదలైంది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ‘ప్రారంభం’ అన్న తెలుగు మాట రెండిటికీ సరిపోతుంది. బాగుచెయ్యడానికి తేదీ మార్చనక్కర్లేదు, క్రియ మారిస్తే చాలు. ‘వైస్రాయి లాంఛనంగా ప్రారంభించిన తేదీ’ అంటే అక్టోబరు 7 మంచి తప్పు ఆప్షన్ అవుతుంది.

రెండోది, లేని మనిషినీ లేని చోటినీ ఆప్షన్‌గా తేవడం. నాలుగో ఆప్షన్‌కు పేరు దొరక్కపోతే యంత్రం ‘వీర నరసింహ గజపతిరాజు’ లాంటిది తయారుచేసి పెట్టగలదు. వినడానికి పూసపాటివారి పేరులాగే ఉంటుంది. చదివే పిల్లలు నాలుగు ఆప్షన్లూ చదువుతారు. 2005లో రోడిగర్, మార్ష్ అనే పరిశోధకులు చూపిందిదే. బహుళైచ్ఛిక పరీక్ష రాసినవాళ్లు తర్వాత ఆప్షన్లు లేని పరీక్షలో కొన్నిసార్లు అంతకుముందు చూసిన తప్పు ఆప్షన్లనే జవాబులుగా రాశారు. తప్పు ఆప్షన్లు ఎక్కువ చూపితే ఆ పోకడ పెరిగింది. పరీక్షలోనో అది ముగిసిన వెంటనో సరైన జవాబు చెబితే ఈ నష్టం తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. మాక్ టెస్ట్ కీని వారం తర్వాత గోడకు అంటించే అలవాటు అందుకే మానాలి. లేని మనిషి పేరు విషయంలో ఇంకో నష్టం కూడా ఉంది. పిల్లవాడు అనుమానమొచ్చి వెతికినా దాన్ని కొట్టేసే రుజువు ఎక్కడా దొరకదు. లేనివాడు లేడని ఏ పుస్తకమూ రాయదు.

మూడోది, ఆప్షన్ మరీ తేలిగ్గా రాలిపోవడం. 1794 ప్రశ్నకు నాలుగో ఆప్షన్‌గా శ్రీకృష్ణదేవరాయలు అని పెడితే ఏమీ చదవనివాడు కూడా కొట్టేస్తాడు. అది తప్పు చెప్పదు, కానీ బిట్ నాలుగు ఆప్షన్లది కాక మూడు ఆప్షన్లది అవుతుంది.

ఈ మూడిటికీ ఒకటే పరీక్ష. ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా ‘ఇది ఎందుకు తప్పు’ అని ఆధారంతో ఒక్క వాక్యం రాయాలి. రాయగలిగితే ఆప్షన్ ఉండొచ్చు. ‘ఇది సరైనది కాదు కాబట్టి’ అన్నది వాక్యం కాదు. పెద విజయరామరాజుకు రాయగలం, ఆయన 1757లోనే చనిపోయాడని. డికి రాయలేం. అందువల్ల డి పోవాలి. దాని స్థానంలో నారాయణబాబును పెడితే వాక్యం దొరుకుతుంది, తండ్రి పద్మనాభంలో చనిపోయాక సంస్థానం పొందింది ఆయన. పైగా అదే కుటుంబం, అదే కాలం కాబట్టి తేలిగ్గా రాలడు. నాకు తెలిసి మంచి తప్పు ఆప్షన్ లక్షణం ఇదే. అది వేరే ప్రశ్నకు సరైన జవాబై ఉండాలి. ‘విశాఖ రేవులోకి 1933లో వచ్చిన మొదటి ఓడ ఏది?’ అన్నదానికి జలఉష అంత మంచి తప్పు ఆప్షన్ ఇంకోటి దొరకదు. అది 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగిన, ఇక్కడే తయారైన మొదటి ఓడ. కొట్టేసిన పిల్లవాడు కూడా ఒక నిజం తెలుసుకుని కొట్టేస్తాడు. అదే జలఉష మీద ప్రశ్న రాసేటప్పుడు కాలం జల్లెడ మళ్లీ పట్టాలి. ‘1948లో హిందుస్థాన్ షిప్‌యార్డు తయారుచేసిన ఓడ’ అని యంత్రం రాస్తుంది. 1948లో అది సింధియా కంపెనీ షిప్‌యార్డు. హిందుస్థాన్ షిప్‌యార్డు అన్న పేరు 1952లో వచ్చింది.

ఇవన్నీ అయ్యాక మన బిట్ ఇలా మిగులుతుంది. “1794 జూలై 10న పద్మనాభం (ఇప్పటి విశాఖపట్నం జిల్లా) వద్ద ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడుతూ మరణించిన విజయనగరం సంస్థానాధీశుడు ఎవరు? ఎ) పెద విజయరామరాజు బి) చిన విజయరామరాజు సి) చందుర్తి యుద్ధంలో పాల్గొన్న ఆనందరాజు డి) నారాయణబాబు.” ఇక్కడ సి మిగతావాటికంటే పొడుగైంది. పొడుగ్గా ఉన్న ఆప్షనే జవాబని పిల్లలకు ఒక లెక్క ఉంటుంది, కాబట్టి అన్నిటికీ ఒకే తీరు ఇవ్వడానికి ‘ఆనందరాజు’ అని కుదించి, ఏ ఆనందరాజో వివరణలో చెప్పాలి. 1794 నాటికి గురజాడ కాలపు ఆనంద గజపతి ఇంకా పుట్టలేదు కాబట్టి ఎవరిని అనుకున్నా అది తప్పు జవాబే అవుతుంది. వివరణ రెండు వాక్యాలు చాలు, బుస్సీ, సంధి పోయి నారాయణబాబు సంగతి చేరుతుంది.

ఒక్క బిట్‌కు ఇంత పనా అంటారు. అవును. తెలిసిన విషయమైతే పది నిమిషాలు, తెలియనిదైతే అరగంట. వందలో నలభై నిలబడతాయనుకుని వంద రాయించుకోవడం సరైన లెక్క. మిగిలిన అరవైని బాగుచెయ్యాలని పట్టుపట్టకూడదు. కొన్ని బాగుపడవు కూడా. ‘1971 డిసెంబరులో విశాఖ తీరంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీని ముంచిన నౌక ఏది?’ అన్నది అలాంటిదే. భారత నౌకాదళం చెప్పేది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని. పాకిస్థాన్ కథనం వేరు, లోపలి పేలుడో మందుపాతరో కారణమంటుంది. అడగాలనుకుంటే ‘భారత నౌకాదళ కథనం ప్రకారం’ అన్న మాట ప్రశ్నలోనే ఉండాలి. అప్పుడు ఆర్కే బీచ్‌లో రోజూ కనబడే కురుసురా తప్పు ఆప్షన్‌గా బాగా పనికొస్తుంది. విశాఖలో పెరిగిన పిల్లలు చాలామంది ఈ రెండు జలాంతర్గాముల కథలనూ కలిపేసుకుంటారు.

చివరి దశ ఒకటి ఉంది, చాలామంది వదిలేసేది. సరిచూసిన తెలుగు బిట్లను ఇంగ్లీషు మీడియం పిల్లల కోసం మళ్లీ యంత్రం చేతే అనువదిస్తారు. మనం కష్టపడి రాసిన ‘విజయనగరం సంస్థానం’ అక్కడ మళ్లీ హంపీ స్పెల్లింగుతో వచ్చే ప్రమాదం ఉంది. అనువాదం వచ్చాక బిట్లన్నీ మళ్లీ చదవనక్కర్లేదు గానీ, ఫైలులో `Vijayanagara` అని వెతికి, వచ్చిన ప్రతిచోటా సంవత్సరం చూడాలి. 1713 తర్వాతి సంవత్సరం పక్కన అది కనబడితే `Vizianagaram` అని దిద్దాలి.